ప్రారంభ తేదీ కదలదు: కుర్చీల సరఫరాదారుతో ఆలస్య పరిహార నిబంధన కుదుర్చుకున్న నా అనుభవం

మా సంస్థ కొత్తగా కట్టిన ప్రదర్శనశాలలో 640 స్థిరమైన కుర్చీలు బిగించాలి. తొలి ప్రదర్శన తేదీని ప్రకటించేశారు, టిక్కెట్ల అమ్మకం మొదలైంది, వచ్చే బృందానికి ఆ ఒక్క వారమే ఖాళీ ఉంది. కుర్చీల కొనుగోలు బాధ్యత నాకు అప్పగించేనాటికి ప్రారంభానికి సరిగ్గా 30 వారాల గడువు మిగిలింది. సరఫరాదారు ఆలస్యం చేస్తే రోజుకింత చొప్పున కోత విధించే నిబంధనను ఒప్పందంలో చేర్చమని మా డైరెక్టరు గారు చెప్పారు. ఒక పేరా రాస్తే సరిపోతుందనుకున్నాను కానీ, ఆ పేరా కుదరడానికి అయిదు వారాలు పట్టింది.

లెక్కలు చెప్పడానికి వీలుగా మొత్తం ఒప్పందం విలువను 100 భాగాలుగా అనుకుందాం. నేను మొదట పంపిన ముసాయిదాలో, ప్రారంభ తేదీ నాటికి కుర్చీలు అప్పగించకపోతే రోజుకు 2 భాగాల చొప్పున జరిమానా అని, దానికి గరిష్ఠ పరిమితి లేదని రాశాను. నాలుగు రోజుల తరువాత సవరించిన కొటేషన్ వచ్చింది. ధర 6 భాగాలు పెరిగింది. నేను ఫోన్ చేస్తే సరఫరాదారు తరఫు మేనేజరు గారు దాచకుండా చెప్పారు: "పరిమితి లేని జరిమానాకు సంతకం పెట్టాలంటే మా యాజమాన్యం ఆ భయాన్ని కూడా ధరలో కలుపుతుందండి. ఆలస్యం జరగకపోయినా ఆ 6 భాగాలు మీరు కట్టినట్టే."

ఆయన మాటలో న్యాయముంది. అయితే నా ముసాయిదాలో అంతకంటే పెద్ద లోపాన్ని మా న్యాయ సలహాదారు పట్టుకున్నారు. మొదటి అభ్యంతరం జరిమానా అన్న పదం మీద. ఇంగ్లిష్ న్యాయ సంప్రదాయాన్ని అనుసరించే చోట్ల, అవతలివారిని బెదిరించడానికి మాత్రమే పెట్టినట్టు కనిపించే మొత్తాన్ని న్యాయస్థానం వసూలు చేయనివ్వకపోవచ్చు. మరికొన్ని చోట్ల, మరీ ఎక్కువనిపించిన మొత్తాన్ని న్యాయమూర్తి తగ్గించవచ్చు. కాబట్టి దాన్ని ముందే లెక్కగట్టిన నష్టపరిహారంగా చూపాలని, ఆ లెక్క కాగితం మా ఫైలులో ఉండాలని ఆవిడ చెప్పారు. పేరు మార్చినంత మాత్రాన ఫలితం ఉండదని, అంకె ఎక్కడినుంచి వచ్చిందో చూపగలగడమే ముఖ్యమని కూడా హెచ్చరించారు.

రెండో అభ్యంతరం తేదీ గురించి. నేను ఆలస్యాన్ని ప్రారంభ తేదీ నుంచి లెక్కించమన్నాను. అంటే నా నిబంధన పనిచేయడం మొదలయ్యే రోజుకే నా ప్రాజెక్టు విఫలమై ఉంటుంది. తొలి ప్రదర్శన రద్దయితే టిక్కెట్ల సొమ్ము వాపసు, బృందానికి చెల్లించాల్సిన పారితోషికం, ప్రచార ఖర్చు అన్నీ కలిపి సుమారు 30 భాగాల నష్టమని మా లెక్కల విభాగం తేల్చింది. తన ఒప్పందం మీద వచ్చే లాభం కంటే ఎన్నో రెట్లున్న నష్టాన్ని ఏ కుర్చీల తయారీదారూ నెత్తిన వేసుకోడు. వేసుకుంటానని సంతకం చేసినా ఆ సొమ్ము చేతికి వస్తుందన్న నమ్మకం లేదు. ఆ 30 భాగాలకు రక్షణ నిబంధనలో దొరకదని, అప్పగింత తేదీకీ ప్రారంభ తేదీకీ మధ్య మేము అట్టిపెట్టుకునే రోజుల్లోనే దొరుకుతుందని అప్పుడు అర్థమైంది. నిబంధన చేయాల్సిన పని ఆ రోజులను కాపాడటం.

అందుకని అప్పగింత తేదీని ప్రారంభానికి 21 రోజుల ముందుకు జరిపి, పరిహారాన్ని అక్కడినుంచి లెక్కించాలని ప్రతిపాదించాను. దానికి మేనేజరు గారు అడిగిన ప్రశ్న ఈ వ్యవహారమంతటిలో నాకు బాగా గుర్తుండిపోయింది. "మేము అయిదు రోజులు ఆలస్యంగా అప్పగించాం, మీరు అనుకున్న రోజునే ప్రారంభించారు అనుకోండి. అప్పుడు మీకు పోయిందేమిటండీ?"

వెంటనే జవాబు చెప్పలేక రెండు రోజులు గడువు అడిగి, ఆ 21 రోజుల్లో హాలులో ఎవరెవరు ఏం చేస్తారో కూర్చుని రాసుకున్నాను. కుర్చీలు ధ్వనిని పీల్చుకుంటాయి కాబట్టి, ధ్వని కొలతలు అవి బిగించాకే తీయాలి. లైట్లను గురిపెట్టే బృందం ఎత్తుకు లేపే వేదికను అద్దెకు తెచ్చుకుంటుంది. కుర్చీలు బిగించేవాళ్లు నేలంతా ఆక్రమించి ఉంటే ఆ వేదికను లోపలికి తోయడం కుదరదు. అత్యవసర ద్వారాల గుండా జనం బయటికి వెళ్లే దారుల వెడల్పును తనిఖీ అధికారులు కుర్చీల వరసలు సిద్ధమయ్యాకే కొలుస్తారు. చివరి పది రోజులు కళాకారుల సాధనకు కేటాయించాం. అప్పగింత ఒక రోజు వెనక్కి జరిగితే వీటిలో ప్రతిదీ ఒక రోజు వెనక్కి జరుగుతుంది, అలా జరిగిన ప్రతిదానికీ మాకు ఖర్చవుతుంది.

ఆ ఖర్చును రోజువారీగా విడదీస్తే ఇలా తేలింది. స్థలం పర్యవేక్షణకూ కాపలాకూ రోజుకు 0.10 భాగం, లైట్ల బృందాన్నీ అద్దె వేదికనూ మళ్లీ పిలిపించడానికి 0.12, శుభ్రం చేసేవారికీ సామాను నిల్వకూ 0.08, మొత్తం రోజుకు 0.30 భాగం. ఆలస్యం పది రోజులు దాటితే పరిస్థితి మారుతుంది. సాధనకు బయట వేరే హాలు తీసుకోవాలి, దానికి రోజుకు 0.25. ఎందుకైనా మంచిదని విడి కుర్చీలను బుక్ చేసి ఉంచుకోవాలి, దానికి 0.15. అంటే పదకొండో రోజు నుంచి రోజుకు 0.70 భాగం. మొదటి పది రోజులకు 3 భాగాలు, తరువాతి పది రోజులకు 7, కలిపి 20 రోజులకు 10 భాగాలు. కొనుగోలు ఒప్పందాల్లో గరిష్ఠ పరిమితిగా పది శాతాన్ని తరచుగా చూస్తుంటాం. ఇక్కడ లెక్క కూడా అక్కడికే వచ్చి ఆగడం యాదృచ్ఛికమే అయినా, బేరంలో నాకు అది బాగా పనికొచ్చింది.

ఈ లెక్క కాగితాన్ని సరఫరాదారుకు చూపించాలా వద్దా అని మా కార్యాలయంలో వాదన నడిచింది. మన ఖర్చుల వివరాలు బయటపెడితే బేరంలో బలహీనపడతామని కొందరన్నారు. నేను చూపించడానికే మొగ్గాను, ఆ నిర్ణయానికి ఇప్పటికీ చింతించడం లేదు. కాగితం చూసిన మేనేజరు గారు మొత్తం మీద వాదించడం మానేసి, ఒక్కొక్క పద్దును పట్టుకుని అడగడం మొదలుపెట్టారు. కాపలా ఖర్చు తమవల్ల ఎలా పెరుగుతుందని అడిగారు, చెప్పాను, ఒప్పుకున్నారు. ఇలా మొదలైన మాటల్లోనే ఆయన తన అసలు భయాన్ని బయటపెట్టారు. కుర్చీల తయారీ వాళ్ల చేతిలోనే ఉంది. వస్త్రానికి రంగు వేయడం బయటి మిల్లులో జరుగుతుంది, ఆ మిల్లు ముందుగా కేటాయించిన వంతు తప్పితే మళ్లీ ఎప్పుడు ఇస్తుందో తెలియదు. మేము వస్త్రం శాంపిల్‌ను ఆమోదించేదాకా ఆ వంతును ఖాయం చేసుకోలేరు. ఇంకొకటి, నేల మీద బోల్టులు దింపే రోజుకు మా సివిల్ పని పూర్తికాకపోతే వాళ్ల మనుషులు ఖాళీగా కూర్చోవాలి. ఈ రెండూ మా చేతిలో ఉన్నవి, ఆలస్యం లెక్క మాత్రం వాళ్ల మీద పడుతుంది.

దీనికి విరుగుడు కొనేవాళ్లకు కూడా అవసరమని న్యాయ సలహాదారు వివరించారు. మావల్ల ఆలస్యమై, ఆ మేరకు గడువు పొడిగించే మార్గం ఒప్పందంలో లేకపోతే, ఇంగ్లిష్ సంప్రదాయం ఉన్న చోట్ల అసలు గడువు తేదీయే చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది. తేదీ పోతే దాన్నుంచి రోజులు లెక్కించే పరిహారం కూడా పోతుంది. గడువు పొడిగింపును సరఫరాదారుకు ఇచ్చే రాయితీగా చూస్తూ వచ్చిన నాకు అది మా నిబంధన బతకడానికే కావాల్సిన ఊపిరి అని అప్పుడు తెలిసింది.

మేనేజరు గారు ఒక వారం గ్రేస్ పీరియడ్ కూడా అడిగారు. నేను అంగీకరించలేదు. వారం సడలింపు ఇస్తే ఆచరణలో అందరి తలల్లోనూ ఆ వారం చివరి రోజే గడువుగా స్థిరపడుతుంది, 21 రోజులు 14 అవుతాయి. దానికి బదులు వేరే సౌకర్యం ఇచ్చాను. కింది అంతస్తులోని 480 కుర్చీలనూ బాల్కనీలోని 160 కుర్చీలనూ వేర్వేరు విభాగాలుగా గుర్తించి, ఒక విభాగాన్ని సమయానికి అప్పగిస్తే దాని వంతు పరిహారం తగ్గేలా రాశాను. ఒకటీ రెండూ కుర్చీలు మిగిలితే మొత్తం రేటు పడుతుందన్న ఆందోళన దాంతో తీరింది. నిజానికి మాకూ అదే న్యాయంగా ఉంటుంది, ఎందుకంటే బాల్కనీ ఆలస్యమైనా కింద లైట్ల పని ఆగదు.

అయిదో వారానికి కుదిరిన నిబంధనలో ముఖ్య భాగం ఇది:

"సరఫరాదారు అప్పగింత తేదీ నాటికి ఏదైనా విభాగాన్ని బిగించి, పరీక్షించి, అప్పగించనట్లయితే, ఆ తేదీ తరువాత గడిచిన ప్రతి రోజుకు, మొదటి పది రోజులకు ఒప్పందం విలువలో 0.30 శాతం, ఆపైన 0.70 శాతం చొప్పున, ఆ విభాగంలోని కుర్చీల సంఖ్యకు గల నిష్పత్తిలో, కొనుగోలుదారుకు పరిహారం చెల్లించవలెను. ఈ పరిహారం మొత్తం ఒప్పందం విలువలో 10 శాతానికి మించరాదు. కొనుగోలుదారు వల్ల కలిగిన ఆలస్యానికి, సరఫరాదారు ఏడు రోజులలోపు లిఖితపూర్వకంగా తెలియజేసిన పక్షంలో, ఆ కారణం పని మీద చూపిన ప్రభావం మేరకు అప్పగింత తేదీ పొడిగించబడును."

ఇందులో బిగించి, పరీక్షించి, అప్పగించి అన్న మూడు మాటల మీదే ఒక సమావేశం గడిచింది. లారీ మా గేటు దాటితే సరఫరా అయినట్టేనని వాళ్ల ఆలోచన. డబ్బాల్లో ఉన్న కుర్చీలు మాకు ఎందుకూ కొరగావు. చివరికి అప్పగింత అంటే ఏమిటో ఒక అనుబంధంలో రాసుకున్నాం: బోల్టులన్నీ బిగించి ఉండాలి, మడత సీటు తనంతట తాను పైకి లేవాలి, వరస సంఖ్యలు అంటించి ఉండాలి, వస్త్రం మంటలను తట్టుకుంటుందని తెలిపే పరీక్షా పత్రం మా చేతికి అందాలి. ఈ చివరిదాన్ని మొదట మేమే మరిచిపోయాం. ఆ పత్రం లేకపోతే కుర్చీలు ఎంత అందంగా ఉన్నా తనిఖీ అధికారులు హాలును తెరవనివ్వరు.

ఆలస్యానికి ఈ పరిహారమే ఏకైక పరిష్కారమని, వేరే నష్టాలు అడగకూడదని వాళ్లు కోరారు. ఆలస్యం మట్టుకు ఒప్పుకున్నాను. నాణ్యత లోపాలకూ, పనిని మధ్యలో వదిలేయడానికీ అది వర్తించదని స్పష్టంగా రాయించాను. మరో చిక్కు మిగిలింది. 20 రోజులకు పరిమితి నిండిపోతే ఆ తరువాతి రోజుల ఆలస్యానికి ఖరీదు సున్నా, ఆ ఇరవయ్యో రోజు ప్రారంభానికి ఒక్క రోజు ముందు వస్తుంది. ఒప్పందం రద్దు చేసే హక్కు కాగితం మీద ఉన్నా, ఒకరు తయారుచేసిన కుర్చీలను మరొకరు వచ్చి అదే వారంలో బిగించడం జరిగే పని కాదు. అందుకని ప్రారంభానికి ఏడు రోజుల ముందు కింది అంతస్తు సిద్ధంగా లేకపోతే మేము విడి కుర్చీలు తెప్పించుకోవచ్చని, ఆ ఖర్చును 4 భాగాల వరకు సరఫరాదారు భరించాలని వేరే పేరా పెట్టాం. విడి కుర్చీలను కూడా ఒకదానితో ఒకటి కలిపి బిగించాలి, లేకపోతే జనం తొందరలో లేచినప్పుడు దారికి అడ్డం పడతాయి. కాబట్టి ఆ ఏడు రోజుల్లో ఒకటిన్నర రోజు దానికే పోతుంది.

ఇన్ని రాసుకున్నాక ధర మొదటి కొటేషన్‌కు తిరిగి వచ్చింది. బదులుగా మేము రెండు మాటలు ఇచ్చాం: శాంపిల్ అందిన ఏడు రోజుల్లో ఆమోదమో తిరస్కారమో తెలియజేస్తామని, బిగింపు మొదలయ్యే రోజుకు నేల సిద్ధం చేసి ఇస్తామని.

మొదటి మాట మేమే తప్పాం. వస్త్రం రంగు నచ్చక డైరెక్టరు గారు మరో ఛాయ అడిగారు, ఆమోదం ఆరు రోజులు ఆలస్యమైంది. గడువు దాటిన మూడో రోజునే మేనేజరు గారి నుంచి లేఖ వచ్చింది, ఆమోదం వెళ్లాక రెండోది. ఆరు రోజుల ఆలస్యంతో మిల్లులో వంతు తప్పిందని, అందుచేత ఎనిమిది రోజులు పొడిగించాలని అందులో ఉంది, మిల్లు ఇచ్చిన కొత్త తేదీ కాగితం జతచేసి ఉంది. ఆరు రోజులకు ఎనిమిది ఏమిటని మా లెక్కల విభాగం అభ్యంతరం చెప్పింది. నిబంధనలో ఆలస్యమైన రోజులు అని లేదు, ప్రభావం మేరకు అని ఉంది. ఎనిమిది రోజులూ ఒప్పుకున్నాం.

ఆ పొడిగింపుతో అప్పగింత తేదీ ప్రారంభానికి 13 రోజుల ముందుకు వచ్చింది. ఒప్పందంలోని తేదీ కదిలింది, ప్రారంభ తేదీ కదల్లేదు, మధ్యనున్న రోజులే కరిగిపోయాయి. 0.70 రేటు మొదలవ్వాల్సిన పదకొండో రోజు ఇప్పుడు ప్రారంభానికి రెండు రోజుల ముందు పడుతుంది, అంటే దాదాపు నిష్ప్రయోజనం. నిబంధన రాసేటప్పుడు నాకు తట్టని సంగతి ఇదే. పోయిన రోజులను డబ్బిచ్చి తిరిగి కొనుక్కునే హక్కు కూడా, ముందే ఒప్పుకున్న ధరతో, అందులో రాసి ఉండాల్సింది. రాయలేదు కాబట్టి మళ్లీ బేరానికి కూర్చున్నాం. బిగింపుకు 12 రోజులు పట్టే చోట రెండో బృందాన్ని దింపి 8 రోజుల్లో ముగిస్తామని, దానికి 1.5 భాగాలు అదనంగా ఇవ్వాలని వాళ్లు చెప్పారు. ఇచ్చాం. ముందే ధర రాసుకుని ఉంటే ఇంతకంటే తక్కువకు వచ్చేదని నా అనుమానం. కొత్త అప్పగింత తేదీ ప్రారంభానికి 17 రోజుల ముందుగా స్థిరపడింది, దాన్ని సవరణ పత్రంగా రాసి ఇద్దరం సంతకం చేశాం. అలా చేయకపోతే ఏ తేదీ నుంచి లెక్కించాలన్నది తరువాత వివాదమయ్యేది.

కింది అంతస్తులోని 480 కుర్చీలు ఆ తేదీకే అందాయి. బాల్కనీలో వంపు తిరిగిన రెండు వరసలకు కాళ్ల కాస్టింగులు కొలత తప్పి వచ్చాయి, వాటిని మార్చి బిగించేసరికి నాలుగు రోజులు ఆలస్యమైంది. ఇది పూర్తిగా వాళ్ల తప్పు, వాళ్లూ కాదనలేదు. లైట్ల బృందం కింద తన పని తాను చేసుకుంది, ధ్వని కొలతలు మాత్రం నాలుగు రోజులు వెనక్కి జరిగాయి.

పరిహారం లెక్క ఒక గీతలో తేలిపోయింది. నాలుగు రోజులు, రోజుకు 0.30, బాల్కనీ వాటా 640లో 160, అంటే నాలుగో వంతు. మొత్తం 0.30 భాగం. అంత చిన్న మొత్తాన్ని వదిలేద్దామని, తరువాతి మరమ్మతులకు వాళ్ల సద్భావం అవసరమని మా కార్యాలయంలో కొందరు అన్నారు. నాకు అది సరైనదనిపించలేదు. అప్పటికి ఇంకా నేల మీద తివాచీ పరిచేవాళ్లు, వేదిక తెరలు అమర్చేవాళ్లు ఇలాంటి నిబంధన కిందే పనిచేస్తున్నారు, ఒకరికి వదిలేస్తే మిగతావారితో మాట్లాడే నైతిక బలం పోతుంది. కోత విధిస్తున్నట్టు, దాని లెక్క ఇదీ అని మర్యాదగా ఒక లేఖ రాసి పెట్టుకున్నాను.

దాన్ని పంపేలోపే మేనేజరు గారి తుది ఇన్‌వాయిస్ వచ్చింది. చివరి వరసకు ముందు, ఆలస్య పరిహారం, బాల్కనీ, నాలుగు రోజులు అని రాసి 0.30 భాగాన్ని ఆయనే తగ్గించి పంపారు. రెండో బృందానికి మేము ఇవ్వాల్సిన 1.5 భాగాలు దానికి పై వరసలోనే ఉన్నాయి.